డబ్బు పెట్టి కొన్న కొటేషన్ ఫైలులో కనబడని తప్పు: కొనేవారు జాగ్రత్త

వస్తువు కోడ్, సంఖ్య టైపు చేస్తే ధర, తగ్గింపు, పన్ను అన్నీ కలిపి మొత్తం చూపించే రెడీమేడ్ ఎక్సెల్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలాంటిదొకటి నేను కొని ఆరు వారాలు వాడాను. ఆ ఆరు వారాల్లో కొన్ని వస్తువులకు అసలు ధరకంటే చాలా తక్కువ ధరతో కొటేషన్లు పంపించాను. ఫైలు ఒక్కసారి కూడా లోపం ఉన్నట్టు చూపించలేదు. ఇటువంటి ఫైలు కొనబోయేవారు, కొని వాడుతున్నవారు కూడా, నేను ఏ దారిలో ఆ తప్పును పట్టుకున్నానో తెలుసుకుంటే తమ ఫైలును తామే పరీక్షించుకోగలరని ఇది రాస్తున్నాను.

అనుమానం రావడానికి కారణం పక్కపక్కనే పడిన రెండు వరుసలు. 115 కోడ్ వస్తువు 24 పీసులు, 118 కోడ్ వస్తువు కూడా 24 పీసులు అడిగారు. రెండు వరుసల్లోనూ మొత్తం 1085.28 అని వచ్చింది. 115 ధర 42.50, 118 ధర 64. రెండింటి మొత్తం ఒకటి కావడానికి వీలే లేదు. అంతవరకూ ఇలాంటి రెండు వస్తువులు ఒకే కొటేషన్‌లో, ఒకే సంఖ్యలో పడలేదు కాబట్టి నా కంటికి ఆనలేదు.

ఫార్ములా చూద్దామని గడిలో నొక్కితే ఫార్ములా బార్ ఖాళీగా ఉంది. షీట్‌కు పాస్‌వర్డ్ పెట్టి, గడులకు Hidden గుర్తు తగిలించి అమ్మారు. పాస్‌వర్డ్ కోసం అమ్మకందారుకు నాలుగుసార్లు రాసిన తరువాతే అది నా చేతికి వచ్చింది. తెరిచి చూస్తే 118 వరుసలోని H12 గడిలో ఉన్నది ఇది:

```
=IFERROR(ROUND(C12*VLOOKUP(B12,Rates!$A$2:$C$41,3)
*(1-IF(C12>=50,Disc!$B$3,IF(C12>=20,Disc!$B$2,0)))
*(1+E12),2),0)
```

B12లో కోడ్, C12లో సంఖ్య, E12లో పన్ను శాతం ఉంటాయి. VLOOKUP ఆ కోడ్‌ను Rates షీట్‌లోని పట్టికలో వెతికి ధర తెస్తుంది. ఇంత పొడుగు ఫార్ములాను కళ్లతో చదివి తప్పు పట్టుకోవాలని నేను గంటసేపు ప్రయత్నించి, తగ్గింపు భాగంలోని రెండు IFలనే అనుమానిస్తూ కూర్చున్నాను. బ్రాకెట్లు ఎక్కువగా ఉన్నచోటే తప్పు ఉంటుందనుకోవడం నా పొరపాటు. నిజానికి ఆ భాగం సక్రమంగానే ఉంది.

ఆ తరువాత H12లో కర్సర్ ఉంచి, Formulas ట్యాబ్‌లోని Formula Auditing గుంపులో Evaluate Formula నొక్కాను. తెరుచుకున్న పెట్టెలో ఫార్ములా మొత్తం కనబడుతుంది, తరువాత లెక్కించబోయే ముక్క కింద గీత ఉంటుంది. Evaluate బటన్ నొక్కిన ప్రతిసారీ గీత ఉన్న ముక్క స్థానంలో దాని విలువ వచ్చి చేరుతుంది, గీత తరువాతి ముక్కకు జరుగుతుంది. వెనక్కి వెళ్లే బటన్ ఇందులో లేదు, దాటిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. అందువల్ల ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ప్రతి నొక్కుకు ముందు ఆ ముక్క విలువ ఎంత రావాలో నేనే రాసుకుని, ఆ తరువాతే నొక్కాను. ఏం రావాలో ముందుగా రాసుకోకపోతే తెరమీద వచ్చిన అంకె ఏదైనా సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది.

మొదటి నొక్కుకు C12 స్థానంలో 24 వచ్చింది, రెండో నొక్కుకు B12 స్థానంలో 118 వచ్చింది. రెండూ నా కాగితంతో కలిశాయి. మూడో నొక్కుకు VLOOKUP ముక్క మొత్తం పోయి దాని స్థానంలో 42.5 నిలిచింది. నా కాగితం మీద 64 ఉంది. తప్పు అక్కడే ఉంది. అయినా ఆగకుండా చివరిదాకా నొక్కాను, ఎందుకంటే ఒక ఫార్ములాలో ఒకే తప్పు ఉండాలన్న నియమమేమీ లేదు. 24ను 42.5తో గుణిస్తే 1020, 20 దాటిన సంఖ్యకు 5 శాతం తగ్గింపు పోగా 969, 12 శాతం పన్ను కలిపితే 1085.28. మిగిలిన మెట్లన్నీ సరైనవే. 64తో మొదలుపెట్టి అదే దారిలో లెక్కిస్తే 1634.30 రావాలి. అంటే ఒక్క వరుసలోనే 549.02 తక్కువగా రాసి పంపించాను.

ఈ పెట్టెను మొదటిసారి వాడేవారిని భయపెట్టే విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. IF భాగం దగ్గరికి వచ్చినప్పుడు, షరతు ప్రకారం అవసరంలేని కొమ్మను ఎక్సెల్ లెక్కించదు, దాని స్థానంలో #N/A అని చూపవచ్చు. అది తప్పు కాదు. అలాగే C12 ఈ ఫార్ములాలో మూడుసార్లు ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు Step In నొక్కి ఆ గడి లోపలికి వెళ్లి చూడవచ్చు గాని, అదే గడి రెండోసారి వచ్చేసరికి ఆ బటన్ పనిచేయదు. ఏదైనా గడి లోపలేముందో చూడదలిస్తే మొదటి అవకాశంలోనే చూసుకోవాలి.

ఇక 118కి 115 ధర ఎందుకు వచ్చింది? VLOOKUPకు నాలుగో విలువ ఒకటి ఉంటుంది. అక్కడ FALSE అని రాస్తే అచ్చంగా అదే కోడ్‌ను వెతుకుతుంది. ఏమీ రాయకపోతే TRUE అని భావించి, పట్టిక చిన్న కోడ్ నుంచి పెద్ద కోడ్‌కు వరుసగా ఉందని నమ్మి, సగం సగంగా విడదీసుకుంటూ, వెతుకుతున్న కోడ్‌కు సమానమైనది గాని దానికంటే తక్కువైన వాటిలో దగ్గరిది గాని తీసుకుంటుంది. అమ్మకందారు పట్టికలో మొదటి 36 వస్తువులు వరుసగానే ఉన్నాయి, తరువాత చేర్చిన నాలుగింటిని మాత్రం చివర అతికించారు. 118 ఆ నాలుగింటిలో ఒకటి. వెతుకులాట పట్టిక మధ్యకు వెళ్లి, అక్కడి కోడ్ 118 కంటే పెద్దదని చూసి పై సగానికి తిరిగి, 115 దగ్గర ఆగింది. కిందనున్న అసలు 118 వైపు వెళ్లనే లేదు. మిగిలిన మూడింటికీ ఇదే గతి. కొత్త ఎక్సెల్‌లో ఉన్న XLOOKUP ఏమీ చెప్పకపోయినా అచ్చమైన కోడ్‌నే వెతుకుతుంది కాబట్టి దానితో రాసిన ఫైలులో ఈ తప్పు ఇలా దాగదు.

FALSE చేర్చి ఆ నిలువు వరుస మొత్తానికి దించాను. 118కి 1634.30 వచ్చింది. అయితే అప్పటిదాకా ఏదో ఒక ధర చూపిస్తున్న మరో రెండు వస్తువులకు మొత్తం 0 అయింది. ఆ రెండూ కొన్నాక నేను సొంతంగా చేర్చుకున్నవి. మళ్లీ Evaluate Formula తెరిచి నొక్కుకుంటూ వెళ్తే, VLOOKUP ముక్క #N/A అయింది, ఆ #N/A గుణకారాల మీదుగా, ROUND మీదుగా చివరిదాకా నడిచింది, ఆఖరి నొక్కులో IFERROR దాన్ని 0గా మార్చేసింది. గడిలో మనం చూసే 0కు, ధర దొరకలేదన్న నిజానికి మధ్య అడ్డుగా నిలిచినది ఆ IFERROR. ధర దొరకనప్పుడు 0 చూపించే కొటేషన్ ఫైలును నేను లోపమున్న ఫైలుగానే పరిగణిస్తాను. అక్కడ «ధర లేదు» అన్న మాట ఉండాలి.

కోడ్ ఎందుకు దొరకలేదన్నది Evaluate Formula చెప్పదు. అది ఏ ముక్క చెడిందో చూపిస్తుంది, ఆ ముక్క ఎక్కడి నుంచి చదువుతోందో చూడటానికి Trace Precedents కావాలి. H గడిలో కర్సర్ ఉంచి అది నొక్కితే, అదే షీట్‌లోని B, C, E గడుల నుంచి నీలం బాణాలు వచ్చాయి. వాటితోపాటు చిన్న పట్టిక బొమ్మ నుంచి వచ్చే నల్లని చుక్కల బాణం ఒకటి కనబడింది. ఫార్ములా మరో షీట్ నుంచి చదువుతోందని దాని అర్థం. ఆ బాణపు గీత మీదే రెండుసార్లు నొక్కాలి, బొమ్మ మీద కాదు. నొక్కితే Go To పెట్టె తెరుచుకుని, వేరే షీట్లలోని చిరునామాలు వరుసగా కనబడతాయి. Rates షీట్‌ను అమ్మకందారు దాచి ఉంచినందున ముందు షీట్ ట్యాబ్ మీద కుడి నొక్కు నొక్కి, Unhide ద్వారా బయటికి తీయవలసి వచ్చింది. కొత్త వస్తువులు చేర్చడానికి వేరే ఫారం ఇచ్చారు, నేను ఆ షీట్‌ను అంతవరకూ చూడనేలేదు.

జాబితాలో Rates చిరునామాను ఎంచుకోగానే ఎక్సెల్ ఆ షీట్‌కు వెళ్లి, ఫార్ములా చదివే పరిధిని సరిగ్గా అంతమేరకే ఎంపిక చేసి చూపించింది. A2 నుంచి C41 వరకు బూడిదరంగు పడింది. 42, 43 వరుసల్లో నా రెండు వస్తువులు ఆ రంగు బయట తెల్లగా ఉన్నాయి. ఫారం కొత్త వస్తువులను పట్టిక అడుగున రాస్తోంది గాని, ఫార్ములాలోని పరిధి 41 దగ్గరే ఆగిపోయింది. నాలుగో విలువ లేని రోజుల్లో ఆ రెండింటికి కూడా పక్క కోడ్‌ల ధరలే వచ్చాయన్నమాట. పరిధిని $C$500 వరకు పెంచాక రెండూ సరైన ధర చూపించాయి. ఫార్ములా మార్చగానే బాణాలు చెరిగిపోతాయి కనుక, మార్చిన తరువాత Trace Precedents మళ్లీ నొక్కి, కొత్త పరిధిని మరొకసారి కళ్లారా చూసుకున్నాను.

ఈ వివరాలన్నీ అమ్మకందారుకు పంపించాను. ఫైలులో ఎక్కడా ఎర్రర్ కనబడటం లేదు కాబట్టి అది సరిగా పనిచేస్తున్నట్టేనని, షీట్ తెరిచి ఫార్ములా మార్చినందున డబ్బు వాపసు ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఫార్ములా తెరవకుండా తప్పును చూపించే మార్గం నాకు ఇవ్వనేలేదు కదా అని తిరిగి రాశాను. దానికి జవాబు రాలేదు.

ఇలాంటి ఫైలు కొనేముందు పాస్‌వర్డ్ కూడా ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వబోమంటే కొనవద్దు, ఎందుకంటే ఫార్ములా కనబడని గడిలో పైన చెప్పిన రెండు పరికరాలూ మీకు ఉపయోగపడవు. ప్రయత్నించి చూడటానికి నమూనా ఫైలు ఇస్తే, ముందుగా పట్టికలో లేని కోడ్ ఒకటి, ఉన్న రెండు కోడ్‌ల మధ్య అంకె చూసి టైపు చేయండి. ధర వస్తే అది పక్క వస్తువు ధర, అక్కడితో ఆ ఫైలును వదిలేయవచ్చు. ఆ తరువాత కొత్త వస్తువు ఒకటి చేర్చి, దానికి మిగిలిన ఏ వస్తువుకూ లేని విచిత్రమైన ధర, 777.77 లాంటిది, ఇచ్చి ఒక పీసుకు, తగ్గింపు, పన్ను లేకుండా మొత్తం ఎంత వస్తుందో చూడండి. ఇప్పటికే వాడుతున్నవారు పాస్‌వర్డ్ ఉంటే పట్టికలో అన్నిటికంటే చివర చేర్చిన వస్తువు వరుసలో Evaluate Formula తెరిచి, VLOOKUP ముక్క అంకెగా మారే ఆ ఒక్క నొక్కు దగ్గర ఆగి, వచ్చిన అంకెను మీ ధరల కాగితంతో పోల్చి చూసుకోండి.