ఏసీ సర్వీసింగ్ ప్లాన్: సొసైటీ మీటింగులో ధర ముందా, పని ముందా?

మా సర్వీసింగ్ షాపు తరఫున ఏటా ఫిబ్రవరిలో అపార్ట్‌మెంట్ సొసైటీల మీటింగులకు వెళ్లి మాట్లాడే పని కొన్నేళ్లుగా నాదే. సెక్రటరీగారు ఇచ్చేది మహా అయితే మూడు నిమిషాలు. అది కూడా లిఫ్టు మరమ్మతు, నీళ్ల ట్యాంకర్ల బిల్లు తేలిన తరువాత, సగం మంది కుర్చీల్లోంచి లేవబోతున్న సమయంలో దొరుకుతుంది. ఆ మూడు నిమిషాల కోసం నేను రెండు స్క్రిప్టులు వాడి చూశాను. ఒకటి ధరతో మొదలవుతుంది, రెండోది పనితో మొదలవుతుంది.

మొదటిది ఇలా ఉండేది: “అందరికీ నమస్కారమండి. బయట ఒక్క సర్వీసుకు 600 రూపాయలు అవుతోంది. మీరందరూ చేరితే ఏడాదికి రెండు సర్వీసులు కలిపి ఏసీకి 1,000 రూపాయలకే చేస్తాం. మధ్యలో ఎన్నిసార్లు పిలిచినా ఉచితంగా వచ్చి చూస్తాం. ఈ రోజే డబ్బు కట్టినవారికి మరో 100 తగ్గిస్తాం.”

దీనిలోని సుగుణం ఏమిటంటే, అర నిమిషంలో అందరికీ అర్థమవుతుంది. చిక్కంతా ఆ తరువాతే వస్తుంది. వెనుక వరుసలోంచి ఎవరో ఒకరు “గ్యాస్ కూడా ఇందులోనేనా?” అని తప్పకుండా అడుగుతారు. “కాదండి, గ్యాస్, పీసీబీ, కెపాసిటర్ వేరు” అనగానే అప్పటివరకు చవకగా కనిపించిన 1,000 రూపాయలు ఎర వేసినట్టు కనిపిస్తాయి. మన చేత ఒప్పించిన షరతుకూ, మనమే ముందు చెప్పిన షరతుకూ ఎంత తేడా ఉంటుందో ఆ క్షణంలో తెలుస్తుంది.

రెండో స్క్రిప్టులో చేతిలో ఒక మురికి ఫిల్టరు ఉంటుంది. అదే సొసైటీలో ఒకరి ఇంటి నుంచి, వారి అనుమతితో, మీటింగుకు ముందే తీసుకుంటాను. దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే జాలీలోంచి వెలుతురు రాదు. అప్పుడు ఇలా మొదలుపెడతాను: “నమస్కారమండి. ఈ ఫిల్టరును మీరే ఇంట్లో కుళాయి కింద కడుక్కోవచ్చు, దీనికి మాకు డబ్బు ఇవ్వనక్కరలేదు. మాకు ఇచ్చేది దీని వెనుక ఉన్న కూలింగ్ కాయిల్, బ్లోయర్, నీళ్ల ట్రే, డ్రెయిన్ పైపు, బయటి యూనిట్ కడిగినందుకు. గోడ తడవకుండా లోపలి యూనిట్ కింద ప్లాస్టిక్ సంచి కడతాం, కరెంటు ఆపిన తరువాతే నీళ్ల పంపు వాడతాం.”

డబ్బు అక్కరలేని పని ఏదో మన నోటితోనే చెప్పడం వ్యాపారానికి నష్టమని మా షాపులో మొదట ఒప్పుకోలేదు. కాని ఆ వాక్యం వినగానే లేవబోయినవారు మళ్లీ కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక గ్యాస్ సంగతి. మొదటి స్క్రిప్టులో ఇది ఎదురుప్రశ్నగా వస్తుంది, రెండోదానిలో నేనే తెస్తాను: “ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదండి. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అందుకని గ్యాస్ మా ప్లానులో లేదు. లీకు ఎక్కడుందో చూపించకుండా మా మనిషి గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోకండి.” ఎవరైనా వివరం అడిగితేనే మిగిలినది చెప్పాలి. కాయిల్ మీద మంచు పేరుకుంటే గ్యాస్ తక్కువైనట్టు చాలామంది తేల్చేస్తారు. కాని మురికితో గాలి ఆడకపోయినా అదే మంచు పేరుకుంటుంది. కాబట్టి ముందు కడగాలి, అప్పటికీ చల్లదనం రాకపోతేనే లీకు వెతకాలి. లీకు దొరికితే దాన్ని అతికించి, నైట్రోజన్‌తో ప్రెషర్ నిలుస్తోందో లేదో చూసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ తీసేసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం తూచి గ్యాస్ ఎక్కించాలి. ఇంత పనిని 1,000 రూపాయల ప్లానులో కలుపుతానన్నవారు ఆ ఖర్చును మరోచోట రాబట్టుకోక తప్పదు.

విడిభాగాలతో సహా అన్నీ కలిపిన ప్లాను కూడా ఒకటి ఉంది. కాని పాత, కొత్త ఏసీలు కలిసి ఉండే సొసైటీలో దానికి అందరికీ ఒకే ధర చెప్పలేం. యంత్రం చూడకుండా ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

రెండు స్క్రిప్టుల మధ్య అసలు తేడా చివర మనం ఏమి అడుగుతామన్న దగ్గర ఉంది. ఫ్లాటులోని ఏసీ ఆ ఇంటివారి సొంత వస్తువు. దానికి మెయింటెనెన్స్ నిధిలోంచి ఖర్చు పెట్టమని కమిటీని అడిగితే, ఏసీ లేనివారు, ఇప్పటికే వేరే మెకానిక్ ఉన్నవారు అడ్డు చెబుతారు. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. మొదటి స్క్రిప్టు “మీరందరూ చేరితే” అన్న మాట మీద నిలబడింది కనుక అక్కడే కూలిపోతుంది. రెండోదానిలో కమిటీని డబ్బు అడగను. ఫలానా రోజుల్లో మా మనుషులను గేటులోకి అనుమతించాలనీ, నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టుకోనివ్వాలనీ మాత్రమే అడుగుతాను. చేరడం, చేరకపోవడం ఏ ఇంటివారికి ఆ ఇంటివారి ఇష్టం.

ఒక సొసైటీ లెక్క చెబుతాను. 40 ఫ్లాట్లు, 70 ఏసీలు. ఇద్దరు మనుషుల జట్టు ఒక ఏసీని బాగా కడగడానికి సుమారు గంట పడుతుంది. వస్తువులు సర్దుకోవడం, అంతస్తులు మారడం కలుపుకుంటే రోజుకు ఏడు ఏసీలకు మించవు. మాకు ఉన్నవి రెండు జట్లు. అంటే రోజుకు 14, మొత్తానికి అయిదు రోజులు. ఉద్యోగస్తులు శని, ఆదివారాల్లోనే ఇంట్లో ఉంటారు కనుక అది మూడు వారాలకు సాగుతుంది. తొలినాళ్లలో “ఒక్క వారాంతంలో అన్నీ పూర్తి చేస్తాం” అని ధరతో పాటు ఉత్సాహంగా చెప్పేశాను. ఆదివారం సాయంత్రానికి 26 అయ్యాయి. మిగిలినవాటిని తొందరగా ముగించమంటే మా కుర్రవాళ్లు డ్రెయిన్ పైపులో నీళ్లు పోసి చూడకుండానే వచ్చేశారు. నాలుగు ఇళ్లలో పడక మీద నీళ్లు కారాయి. ఇప్పుడు స్క్రిప్టులో మూడు వారాంతాలనే చెబుతాను.

డబ్బు విషయంలోనూ మొదటి స్క్రిప్టు ఏడాది మొత్తం ముందే కట్టమంటుంది. అలా కట్టించుకుని ఫోను ఎత్తడం మానేసిన వారి చేతిలో మోసపోయినవారు దాదాపు ప్రతి మీటింగులోనూ ఉంటారు. నేను మొదటి సర్వీసు అయ్యాక సగం, రెండోది అయ్యాక సగం తీసుకుంటాను. మా షాపుకు దీనివల్ల ఇబ్బంది లేకపోలేదు. రెండో విడతకు అద్దె ఇళ్లవారు కొందరు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారు. అయినా ఇదే మేలనిపించింది.

అన్నిచోట్లా రెండోదే పనిచేస్తుందని చెప్పను. అద్దెకు ఉండే యువకులు ఎక్కువగా ఉన్న చిన్న భవనంలో ఆ ఇంట్లో ఏడాది ఉంటామన్న నమ్మకమే ఎవరికీ ఉండదు. అక్కడ ప్లాను ఊసెత్తకుండా “ఒక్క సర్వీసు, ఇంత ధర, వచ్చే ఆదివారం” అంటే సరిపోతుంది. సొంత ఇంటివారు, పెద్ద వయసువారు ఎక్కువగా ఉన్నచోట మాత్రం ధరతో మొదలుపెట్టి నేను ఎప్పుడూ బాగుపడలేదు.

రెండో స్క్రిప్టు ముగింపు ఇది: “ఈ కాగితంలో ఫ్లాటు నంబరు, ఏసీలు ఎన్ని, అవి కొని ఎన్నేళ్లయింది, మీకు కుదిరే రోజు రాయండి. ఇప్పుడు సంతకం, డబ్బు ఏమీ వద్దు. పని నచ్చకపోతే రెండోసారి పిలవకండి.” తరువాత కాగితాన్ని ఫిల్టరు ఇచ్చిన ఇంటివారి చేతికే ముందుగా ఇస్తాను. వారి పేరు మొదటి వరుసలో కనిపిస్తే పక్కవారు పెన్ను అడుగుతారు.