వికారానికీ తలనొప్పికీ పెప్పర్‌మింట్ వాసనా, అల్లం వాసనా: ఏది మేలు?

ఈ రెండు నూనెలను వికారం విషయంలో పోల్చడానికి పనికివచ్చే అధ్యయనాలు ఎక్కువగా శస్త్రచికిత్స తరువాత, మత్తు దిగుతున్న రోగులపై జరిగాయి. 2004లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో 33 మందికి పెప్పర్‌మింట్ నూనె, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసన లేని ఉప్పునీరు, వీటిలో ఏదో ఒకటి పీల్పించగా, మూడు వర్గాల్లోనూ వికారం ఇంచుమించు ఒకేలా తగ్గింది. ముక్కుతో నిదానంగా పీల్చి నోటితో వదలడమే మేలు చేసి ఉండవచ్చని పరిశోధకులు అనుమానించారు. అనేక అధ్యయనాలను కలిపి బేరీజు వేసిన 2018 కాక్రేన్ సమీక్ష కూడా పెప్పర్‌మింట్ వాసన ఉప్పునీటికన్నా మెరుగని చూపలేకపోయింది.

అల్లం నూనె పరిస్థితి కొంత మెరుగు. 2013లో సుమారు 300 మందిపై జరిగిన అధ్యయనంలో అల్లం నూనె వాసన ఉప్పునీటికన్నా స్పష్టంగా పైచేయి సాధించింది. అయితే వాసన ఇట్టే తెలిసిపోతుంది కనుక, తనకు ఏది ఇచ్చారో రోగికి తెలియకుండా దాచడం కష్టం. అల్లం కషాయానికి ఉన్న పేరును ఈ నూనెకు అంటగట్టడమూ సరికాదు. కషాయంలోని ఘాటైన పదార్థం జింజరాల్ ఆవిరితో పైకి లేవదు కాబట్టి, ఆవిరితో స్వేదనం చేసి తీసిన నూనెలో అది దాదాపు ఉండదు.

హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన మహిళకు వికారం మొదలైందనుకుందాం. నా లెక్కలో ఆమెకు ఈ రెండింటికన్నా ముందు ఇవ్వదగినది ఇంజెక్షన్‌కు ముందు చర్మం తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్. దానిని ముక్కుకు రెండున్నర సెంటీమీటర్ల దిగువన పట్టుకుని, నిమిషం దాటకుండా ముక్కుతో లోతుగా పీల్చాలి, రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు మళ్లీ పీల్చాలి. అత్యవసర విభాగంలో 2016లో ఇదే పద్ధతిని 80 మందిపై పరీక్షించినప్పుడు, పది నిమిషాలకు వికారం స్కోరు ఉప్పునీటి వర్గంలో 6 ఉండగా స్వాబ్ వర్గంలో 3కు దిగింది. వాంతులు ఆగకపోతే మాత్రం మందు ఇవ్వవలసిందే.

తలనొప్పి దగ్గర తీర్పు తిరగబడుతుంది. ఇక్కడ ఆధారం ఉన్నది పెప్పర్‌మింట్‌కే, అదీ పీల్చినందుకు కాదు, పూసినందుకు. 1996 నాటి జర్మన్ అధ్యయనంలో పది శాతం పెప్పర్‌మింట్ నూనె కలిపిన ఇథనాల్ ద్రావణాన్ని నుదుటికీ కణతలకూ రాసి, పదిహేను, ముప్ఫై నిమిషాలకు మళ్లీ రాస్తే, ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి 1000 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌తో సమానంగా తగ్గింది. మన ఊరి జిందా తిలిస్మాత్‌కు ఈ ఫలితాన్ని ఆపాదించలేము, దానిలో ప్రధానమైనది యూకలిప్టస్ నూనె.

మైగ్రేన్‌లో వాసనే పడనివారు చాలామంది ఉంటారు కనుక, పీల్చగానే నొప్పి పెరిగితే సీసా మూసేయాలి. పసిపిల్లల ముక్కు దగ్గర పెప్పర్‌మింట్‌లో ఉండే మెంథాల్ పూయడం అసలే కూడదు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.