పెళ్లి కుదిర్చి వెళ్లిపోయే అమైన్: పదహారేళ్ల వాడకం తర్వాత డయజోనియం పద్ధతిపై నా సమీక్ష

హనుమకొండలో ఎమ్మెస్సీ విద్యార్థులకు ఆర్గానిక్ ప్రాక్టికల్స్ చెప్పడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా ప్రతి బ్యాచ్‌తోనూ 1,3,5-ట్రైబ్రోమోబెంజీన్ చేయిస్తున్నాను. చూడడానికి తెల్లటి సూదుల్లాంటి మామూలు స్ఫటికం. కానీ బెంజీన్ మీద నేరుగా బ్రోమిన్ పోసి దీన్ని తయారు చేసినవాణ్ని నేను చూడలేదు, చూడబోను కూడా.

కారణం విద్యార్థులకు తెలిసిందే, కానీ చేతికి వచ్చేదాకా పట్టదు. వలయం మీద మొదటి బ్రోమిన్ కూర్చోగానే, తర్వాత వచ్చేదాన్ని అది ఆర్థో, పారా స్థానాలకే పంపుతుంది. అందుకే రెండోది ఎక్కువగా ఎదురుగా పారాలో చేరుతుంది, మూడోది ఆ రెండింటిలో ఒకదాని పక్కన ఇరుక్కుంటుంది. చివరికి మిగిలేది 1,2,4 రకం. మనకు కావలసిన దానిలో మూడు బ్రోమిన్లూ ఒకదానికొకటి మెటాలో, అంటే మధ్యలో ఒక స్థానం విడిచి, ఉండాలి. ఆ స్థానానికి బ్రోమిన్ బ్రోమిన్‌ను రానివ్వదు.

ఇక్కడే అనిలీన్‌లోని అమైనో సమూహం పెళ్లిళ్ల పేరయ్యలా పనికొస్తుంది. ఆర్థో, పారా స్థానాల మీద దాని పట్టు ఎంత గట్టిదంటే, ఉత్ప్రేరకం అవసరం లేకుండానే మూడు బ్రోమిన్లు వెంటనే వచ్చి 2, 4, 6 స్థానాల్లో కూర్చుంటాయి. ఆ మూడూ ఒకదానికొకటి మెటాలోనే ఉన్నాయి కదా! పెళ్లి కుదిరింది. ఇక పేరయ్య గారిని మర్యాదగా సాగనంపాలి. అమైన్‌ను రెండు నైట్రోజన్లు జతకట్టిన డయజోనియంగా మార్చి, ఆ జంటను నైట్రోజన్ వాయువుగా పంపేసి, ఖాళీ అయిన చోట హైడ్రోజన్‌ను పెట్టడమే ఆ సాగనంపడం. డయజో సమ్మేళనాలను పీటర్ గ్రీస్ 1858లో వెలుగులోకి తెచ్చాడు. అంత పాత రసాయనం నేటికీ మా బల్ల మీద పనిచేస్తోంది.

బ్రోమినేషన్ గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో బ్రోమిన్ సీసాతోనే చేసేవాళ్లం. అది 59 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్ వరంగల్ ఎండలో మూత తీస్తే ఎర్రటి పొగ గదంతా కమ్మేది. ఇప్పుడు పొటాషియం బ్రోమేట్, బ్రోమైడ్‌లను ఆమ్లంలో కలిపి, బ్రోమిన్‌ను కుండలోనే పుట్టిస్తున్నాం. ఒక మోల్ అనిలీన్‌కు ఒక మోల్ బ్రోమేట్ సరిపోతుంది. తెల్లటి పొడి దిగి, ద్రవానికి పసుపు రంగు నిలిచిపోతే పని అయినట్టే.

అసలు కథ రెండో మెట్టులో ఉంది. నన్ను పదేళ్ల పాటు పరీక్షించింది కూడా అదే.

తరగతిలో మేం అందరికీ నూరిపోసే సూత్రం ఒకటి ఉంది: అమైన్‌ను సజల ఆమ్లంలో కరిగించు, 0 నుంచి 5 డిగ్రీల మధ్య చల్లార్చు, సోడియం నైట్రైట్ ద్రావణం చుక్కలుగా పోయి. ట్రైబ్రోమోఅనిలీన్ దగ్గర ఈ సూత్రం బోర్లా పడుతుంది. మూడు బ్రోమిన్లు నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్ జంటను తమవైపు లాగేయడంతో ఆ అమైన్ పేరుకే క్షారం. సజల ఆమ్లంలో కరగదు, పొడిగా పైన తేలుతూ ఉంటుంది.

ఒక ఏడాది ఒక విద్యార్థి ఆ సూత్రాన్నే నమ్ముకుని చేశాడు. ఆ రోజు నేను పక్క బ్యాచ్ దగ్గర ఉన్నాను. సాయంత్రం పొడి తెచ్చి చూపించాడు.

"సార్, దిగుబడి 95 శాతం వచ్చింది. ద్రవీభవన స్థానం కూడా చూశాను, 120 డిగ్రీలు. పుస్తకంలో 122 అని ఉంది."

రికార్డులో సంతకం పెట్టబోతూ ఆగాను. ఈ తయారీలో 95 శాతం నాకు ఎప్పుడూ రాలేదు. అతనికి ఎలా వచ్చింది?

"నైట్రైట్ పోస్తున్నప్పుడు స్టార్చ్ అయొడైడ్ కాగితం ఎప్పుడు నీలంగా మారింది?"

"మొదటి చుక్కకే సార్. చర్య తొందరగా పూర్తయింది అనుకున్నాను."

చర్య పూర్తి కావడం కాదు, మొదలే కాలేదు. ఆ కాగితం నీలంగా మారిందంటే ద్రావణంలో నైట్రస్ ఆమ్లం వాడకుండా మిగిలి ఉందని అర్థం. అమైన్ కరిగి ఉంటే ముందు నైట్రస్ ఆమ్లాన్ని మింగేయాలి, కాగితం చివర్లోనే రంగు మారాలి. మొదటి చుక్కకే మారిందంటే మింగేవాళ్లు లేరన్నమాట. అతను పొద్దున వేసిన ట్రైబ్రోమోఅనిలీన్‌నే సాయంత్రం వడకట్టి తీసుకొచ్చాడు.

మరి ద్రవీభవన స్థానం సంగతి? ఈ పద్ధతిలో దొంగ దెబ్బ అదే. 2,4,6-ట్రైబ్రోమోఅనిలీన్ 120 నుంచి 122 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 1,3,5-ట్రైబ్రోమోబెంజీన్ కూడా దాదాపు అక్కడే. ముడిసరుకూ తయారైన సరుకూ ఒకే అంకె చూపిస్తాయి. ఆమ్లంతో కడిగి అమైన్‌ను వేరు చేద్దామన్నా అది ఆమ్లంలో కరగదు కదా. అంతకుముందు నేను సంతకం పెట్టిన రికార్డుల్లో ఎన్ని ఇలాంటివో తలచుకుంటే నేటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ రోజు నుంచి మా దగ్గర రెండు పరీక్షలు లేకుండా సంతకం లేదు. ఒకటి సిలికా పలక మీద హెక్సేన్‌తో పదార్థాలను విడదీసి చూపే టీఎల్‌సీ: ట్రైబ్రోమోబెంజీన్ చకచకా పైకి పాకుతుంది, అమైన్ కింద వెనకబడిపోతుంది. రెండోది పాత కాలపు మిశ్రమ ద్రవీభవనం. చేసిన పొడిని అసలు అమైన్‌తో సగం సగం నూరి క్యాపిలరీ గొట్టంలో పెట్టి చూస్తాం. అదే పదార్థమైతే అంకె కదలదు. వేరే పదార్థమైతే ముందే మెత్తబడి, చాలాసేపు సాగుతూ కరుగుతుంది.

సరైన దారిలో నీళ్లు లేవు, మంచు లేదు. స్పిరిట్‌లో వేడిగా చేయాలి. 10 గ్రాముల ట్రైబ్రోమోఅనిలీన్‌ను రెక్టిఫైడ్ స్పిరిట్‌లో నీటి తొట్టి మీద కరిగిస్తాం. పాత పద్ధతిలో 60 మిల్లీలీటర్ల స్పిరిట్‌కు 15 మిల్లీలీటర్ల బెంజీన్ కలిపేవారు. బెంజీన్ క్యాన్సర్ కారకం కాబట్టి మేం దాన్ని తీసేసి స్పిరిట్ 90 దాకా పెంచాం. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 3.5 మిల్లీలీటర్లు చుక్కలుగా, కుండ తిప్పుతూ పోస్తాం. స్పిరిట్ వేడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడితే ముఖం మీదికే వస్తుంది. మంట తీసేసి, పొడి చేసిన సోడియం నైట్రైట్ 3.5 గ్రాములను రెండు విడతలుగా వేస్తాం. ప్రతి విడతకూ కండెన్సర్ పెట్టి గట్టిగా కుదిపితే కుండ బుసబుసా పొంగుతుంది. నైట్రోజన్ బయటపడుతోంది. 10 గ్రాముల అమైన్ నుంచి దాదాపు ముప్పావు లీటరు వాయువు రావాలి. బుడగలు పూర్తిగా ఆగేదాకా మళ్లీ వేడి చేస్తాం.

ఇంకో గుర్తు వాసన. ఎథనాల్ తన హైడ్రోజన్‌ను వలయానికి ఇచ్చి తాను ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. పచ్చి యాపిల్ లాంటి ఘాటు వాసన వస్తే పని జరుగుతున్నట్టే. అలాగని ముక్కు పెట్టి చూడకండి. దానితో పాటు కొంత ఇథైల్ నైట్రైట్ కూడా వస్తుంది, అది తలనొప్పి తెప్పిస్తుంది. ఎసిటాల్డిహైడ్ 20 డిగ్రీలకే మరుగుతుంది. మా ట్యాంకు నీళ్లు ఏప్రిల్‌లో స్నానానికి కాచినట్టు ఉంటాయి, ఆ నీళ్లు తిరిగే కండెన్సర్ దాన్నేం ఆపుతుంది? పొగ పీల్చే అర లేకుండా ఈ మెట్టు చేయించను.

చల్లార్చితే సోడియం సల్ఫేట్‌తో కలిసి స్ఫటికాలు దిగుతాయి. నీళ్లతో బాగా కడిగి, సజల ఎసిటిక్ ఆమ్లంలో బొగ్గు పొడితో మరిగించి మళ్లీ స్ఫటికీకరిస్తే మాకు 7 గ్రాముల వరకు వస్తుంది. లెక్క ప్రకారం గరిష్ఠం 9.5. అంటే 70 శాతం దాటింది, నాకు చాలు.

"సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం బల్ల మీదే ఉంది కదా" అని ఏటా ఒకరైనా అడుగుతారు. ప్రశ్న మంచిదే. డయజోనియం పక్కనున్న బ్రోమిన్లు ఊడిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. క్లోరైడ్ దొరికితే ఒక బ్రోమిన్ స్థానంలో క్లోరిన్ కూర్చుంటుంది. అప్పుడు వచ్చేది ఒక పదార్థం కాదు, కలగాపులగం. సల్ఫేట్‌కు అలాంటి దురాశ లేదు.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇప్పుడు ఫిర్యాదు. ఈ స్పిరిట్ పద్ధతి మూడు బ్రోమిన్లు మోసే వలయం దగ్గర బాగా పనిచేసిందని అన్నిచోట్లా వాడితే దెబ్బ తింటారు. మెటా-బ్రోమోటొలుయిన్ తీసుకోండి. అక్కడ పారా-టొలుయిడిన్‌తో మొదలుపెట్టాలి. అమైన్‌ను వట్టిగా వదిలితే రెండు బ్రోమిన్లు వచ్చి పడతాయి కాబట్టి, ముందు ఎసిటైల్ తొడిగి దాని దూకుడు తగ్గించాలి. ఒక బ్రోమిన్ ఎక్కించాక ఎసిటైల్ తీసి, ఆ తర్వాత అమైన్‌ను పంపాలి. ఒక్క బ్రోమిన్ కోసం నాలుగు మెట్లు. చివరి మెట్టు స్పిరిట్‌లో చేస్తే హైడ్రోజన్‌తో పాటు ఇథాక్సీ సమూహం కూడా కొంత వచ్చి కూర్చుంటుంది. తయారయ్యేది ద్రవం కాబట్టి ఆ కల్తీని స్ఫటికీకరణతో వదిలించుకోలేం.

అలాంటి చోట హైపోఫాస్ఫరస్ ఆమ్లం మేలు. దానికి మాత్రం 0 నుంచి 5 డిగ్రీల సూత్రం అక్షరాలా పాటించాలి. మా ఐస్ యంత్రం చెడిపోయిన ఏడాది చౌరస్తా దగ్గరి చెరుకు రసం బండి వాడి దగ్గర దిమ్మ కొని, గోనెసంచిలో చుట్టి, ఆటోలో తెచ్చాను. ఉప్పు కలిపి పెట్టినా మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు 12 చూపింది. డయజోనియం ముందే కుళ్లి ఫినాల్‌గా మారింది, ఆ ఫినాల్ మిగిలిన డయజోనియంతో జతకట్టింది, కుండలో ఇటుక రంగు జిగురు మిగిలింది. అప్పటి నుంచి ఆ ప్రయోగం మాకు డిసెంబరుకు మారింది, ఉదయం తొమ్మిదికే మొదలుపెడతాం.

డయజోనియం లవణాన్ని వడకట్టి ఆరబెట్టి చూద్దామనే కుతూహలం కొందరికి ఉంటుంది. ఎండిన డయజోనియం క్లోరైడ్ చిన్న రాపిడికే పేలవచ్చు. మా దగ్గర అది ద్రావణం దాటి బయటికి రాదు, ఆ పూటే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు ఇరిడియం ఉత్ప్రేరకంతో, మెటాలో రెండు సమూహాలున్న వలయంపై మూడో మెటా స్థానానికి నేరుగా బోరాన్ చేర్చే పద్ధతి ఉంది. అమైన్‌ను తెచ్చి పెట్టడం, మళ్లీ పంపడం అక్కర్లేదు. చదివి ముచ్చటపడ్డాను. ఇరిడియం ధర చూసి పుస్తకం మూసేశాను. మా కళాశాల బడ్జెట్‌కు సోడియం నైట్రైట్ డబ్బా, స్పిరిట్ క్యానే దిక్కు.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తీసేసిన ఆ ఒక్క మార్కు 120 డిగ్రీల అంకె ఖాతాలోది.