మందుల చీటీకి ఫొటో తీసి చదివించుకుంటున్నాను: రెండేళ్ల వాడకం తర్వాత

డాక్టర్ల చేతిరాత మీద మా ఇంట్లో జోకులు ఆగిపోయి రెండేళ్లయింది. అమ్మకి కీళ్లవాతం, నాన్నకి బీపీ, సుగరు. నెలకి రెండు మూడు చీటీలు ఇంట్లోకి వస్తాయి. అప్పటినుంచీ ఫోన్లో ఫొటోలోని రాతని అక్షరాలుగా మార్చిపెట్టే యాప్ వాడుతున్నాను. చీటీకి ఫొటో తీస్తే కింద వరసగా మందుల పేర్లు వస్తాయి, పేరు మీద నొక్కితే ఆ మందు దేనికి వాడతారో నాలుగు ముక్కలు చూపిస్తుంది. ఏ కంపెనీదో చెప్పను. ఇంకో రెండు కూడా వాడి చూశాను, మూడింటిదీ ఒకటే తీరు.

ముందు మంచి సంగతి. అచ్చు కొట్టిన చీటీని దాదాపు తప్పు లేకుండా చదువుతుంది. చేతిరాతలో కూడా ఓడీ అంటే రోజుకోసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే అని విడమర్చి చెబుతుంది. ఇదొక్కటే నాన్నకి బోలెడు ఊరట. అయితే కంటి డాక్టరు చీటీలో ఓడీ అంటే కుడికన్ను. ఆ తేడా యాప్‌కి పట్టదు. నాన్న కంటి చుక్కల చీటీ చదివించినప్పుడు 'రోజుకోసారి' అనే చూపించింది.

ఫొటో సంగతి ఒక్క మాటలో చెప్తాను. కాగితం మడత విప్పి, కిటికీ వెలుతురులో బల్ల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా నిటారుగా పైనుంచి తీయాలి. మా విశాఖ ఉక్కపోతకి జేబులో పెట్టిన చీటీ సాయంత్రానికల్లా మెత్తబడి సిరా అలుక్కుపోతుంది, అందుకని ఆస్పత్రి మెట్ల మీదే తీసేస్తాను. యాప్‌కి ఇచ్చే ఫొటోలో పేరు, ఫోన్ నంబరు ఉన్న పైభాగం కత్తిరిస్తాను. షాపుకి మాత్రం కాగితం మొత్తం తీసుకెళ్తాను. ఎందుకో ఈ కింద చదివితే తెలుస్తుంది.

పోయినేడు మహారాణిపేటలో ఒక కీళ్ల డాక్టరుకి అమ్మని చూపించాను. ఆటోలో ఇంటికొస్తూ చీటీకి ఫొటో తీశాను. మొదటి మందు ఇలా వచ్చింది: `Tab Methotrexate 7.5 - 1 wk`. పేరు అక్షరం పొల్లు పోకుండా చదివిందని మురిసిపోయాను. పేరు మీద నొక్కగానే మొదటి లైన్లోనే క్యాన్సర్ అని ఉంది. పక్కనే కూర్చున్న అమ్మ కళ్లద్దాలు సర్దుకుని అదే చదివింది. అక్కయ్యపాలెం వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ సమాచారం అబద్ధం కాదు. మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్లకి పెద్ద మోతాదుల్లో ఇస్తారు. కీళ్లవాతానికి అదే మందుని చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. మందు దేనికి పనికొస్తుందో చెప్పడం వేరు, ఈ మనిషికి ఎందుకు రాశారో చెప్పడం వేరు. మొదటిది ఏ యాప్ అయినా చెబుతుంది. రెండోదానికి అమ్మ మోకాళ్లు చూసుండాలి.

కానీ అసలు ప్రమాదం ఆ లైన్ చివర ఉంది, అది నాకు కనపడలేదు. `1 wk` అంటే వారం రోజుల కోర్సు అనుకున్నాను. యాంటీబయాటిక్‌కి అయిదు రోజులని రాస్తారుగా, అలాగ. ఇంటి వాట్సాప్ గ్రూపులో 'రోజుకొకటి, వారం' అని పెట్టేశాను కూడా.

సాయంత్రం మా వీధి చివరి మందుల షాపుకెళ్లాను. అక్కడ కౌంటర్లో కుర్రాడు ఉంటాడు, లోపల లైసెన్సు ఉన్న ఫార్మసిస్టు పెద్దాయన ఉంటారు. కుర్రాడు స్ట్రిప్ తీయబోతే ఆయన లేచొచ్చి కాగితం అందుకున్నారు.

"ఏ రోజు వేసుకోమన్నారమ్మా?"

"రోజూ కదా సార్, వారం పాటు."

ఆయన తలెత్తి నన్ను చూశారు. కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. డాక్టరు రాసింది `1/wk`. మధ్యలో సన్నటి ఏటవాలు గీత. యాప్ ఆ గీతని మింగేసింది. గీత ఉంటే వారానికి ఒకటి, లేకపోతే ఒక వారం.

"ఇంకా చూడండి. పక్కన విడిగా నాలుగు అని ఉంది, అంటే నాలుగు బిళ్లలు. కింద మళ్లీ రమ్మన్నది నాలుగు వారాలకి. రోజూ వేసుకునేదైతే వారానికి ఏడు రాయాలి కదమ్మా, నాలుగెందుకు రాస్తారు?"

రెండో మందు ఫోలిక్ యాసిడ్. దాని పక్కన యాప్ `x 5un` అని చూపిస్తే అర్థంకాని గీతలే అనుకుని వదిలేశాను. అది `x Sun`, ఆదివారం తప్ప అని. అంటే మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు ఆదివారం. రెండు లైన్లూ కలిపి చదివితేనే ఆ ముక్క తెలుస్తుంది. యాప్ ఒక్కో లైనునీ విడివిడిగా చదివింది.

ఆయన అక్కడితో ఆగలేదు. చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి డాక్టరుగారి దగ్గర వారానికి ఒకటేనని ఖాయం చేసుకున్నారు. అమ్మ ఇంకేం మందులు వాడుతోందో, ఈ మధ్య మూత్రంలో మంటకి సల్ఫా బిళ్లలేమైనా వేసుకుందేమో అడిగారు. ట్రైమెథోప్రిమ్ కలిసిన ఆ బిళ్లలు దీనితో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయట. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకున్నా అదే గొడవ. ముందు నోట్లో పుళ్లు లేస్తాయి, తర్వాత జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు. ఇలాంటివి కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరకి పరిగెత్తాలని, మధ్యమధ్యలో రాసిన రక్తపరీక్షలు మానొద్దని చెప్పారు. ఇవేవీ నేను అడిగినవి కావు.

యాప్ మీద నా ఫిర్యాదు తప్పు చదివిందని కాదు. ఆ గీత నాకూ కనపడలేదు. తప్పు చదివినప్పుడు కూడా సరిగ్గా చదివినంత ముచ్చటైన అచ్చక్షరాల్లో చూపిస్తుంది, అదీ నా గొడవ. కాగితం మీద గీతలు అర్థంకాకపోతే ఎవరినైనా అడుగుతాం. స్క్రీన్ మీద శుభ్రంగా కనిపించాక ఇంకేం అడుగుతాం? నాన్న బీపీ మందులోనూ ఇదే జరిగింది. టెల్మీసార్టాన్ పేరు పక్కన రాసే ఏఎం, హెచ్ అనే తోకలు చెబుతాయి, అందులో ఇంకో మందు కలిసిందా, కలిస్తే ఏది అని. ఒకసారి తోక తెగిపోయి ఉత్త టెల్మీసార్టాన్ 40 అని వచ్చింది. పాత స్ట్రిప్ చేతిలో ఉంది కాబట్టి తేడా తెలిసింది.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన పెట్టింది. మా ఇంట్లో చీటీల ఫైలు చూస్తే ఆ సంగతి తెలీదు.

యాప్ తీసేయలేదు. డాక్టరు దగ్గర్నుంచి షాపుకి వెళ్లేలోపు ఏం అడగాలో రాసుకోవడానికి వాడుతున్నాను. ఈ బిళ్ల ఏ రోజు, మోతాదు 7.5 ఆ, 75 ఆ, ఇది పాత మందుకి బదులా, దానితో పాటా అని. యాప్‌కి అయిదుకి మూడు స్టార్లు ఇస్తాను. ఫార్మసిస్టు చూడకుండా ఇంట్లో బిళ్ల వేసుకునేవాళ్లకైతే ఒక్కటి కూడా ఇవ్వను.

అమ్మ కొత్త స్ట్రిప్ తెచ్చుకున్న ప్రతిసారీ పెద్దాయన ఎర్ర స్కెచ్ పెన్నుతో దాని వెనక 'ఆదివారం మాత్రమే' అని రాసిస్తారు. ఆయన చేతిరాత బాగుంటుంది.