దగ్గుతో ఉన్న బిడ్డకు న్యుమోనియా అవునా కాదా: ఊపిరి లెక్కపెట్టడం మేలా, ఛాతీ గుంజుకుపోవడం చూడటం మేలా?

ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త చేతిలో ఎక్స్‌రే ఉండదు, రక్తపరీక్ష ఉండదు. స్టెతస్కోపు ఉన్నా, ఏడ్చే పసిబిడ్డ ఛాతీలో ఏ శబ్దం దేనిదో తేల్చడం కష్టం. అయిదేళ్ల లోపు పిల్లల దగ్గు జలుబుల్లో చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం న్యుమోనియా. ఆ కొన్నింటిని ఏరడానికి ఆ కార్యకర్తకు ఉన్నవి రెండు గుర్తులు: నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతోందా. 1980ల మొదట్లో పపువా న్యూగినీలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, ఆయన బృందం ఈ రెండింటినీ పరీక్షించి, మందు ఎవరికివ్వాలి, ఆసుపత్రికి ఎవరిని పంపాలి అన్న నిర్ణయానికి ఇవి పనికొస్తాయని చూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఆ పునాది మీదే నిలిచింది.

శిక్షణల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న, ఈ రెండింటిలో దేన్ని ఎక్కువ నమ్మాలని. దానికి జవాబు దొరకాలంటే బిడ్డ లోపల ఏం జరుగుతోందో ముందు చూడాలి. న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలితిత్తులు ద్రవంతో, చీముతో నిండుతాయి. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దాన్ని పూర్తిగా సాగదీయడం బిడ్డకు శ్రమ కాబట్టి, పొట్టి ఊపిరులు ఎక్కువసార్లు తీస్తుంది. మొదట కనబడేది ఆ వేగమే. ఊపిరితిత్తి ఇంకా బిగుసుకున్నాక వేగం ఒక్కటే చాలదు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం బలంగా లాగాల్సి వస్తుంది. పసివాళ్ల పక్కటెముకలు మెత్తన, అందుకే ఆ లాగుడుకు కింది పక్కటెముకలు లోపలికి పోతాయి. అంటే వేగం ముందు వచ్చే గుర్తు, గుంజుకుపోవడం ముదిరాక వచ్చే గుర్తు. మిగతా తేడాలన్నీ ఇక్కడినుంచే పుడతాయి.

ముందు లెక్క సంగతి. దీని బలం, ఇది అంకె కావడం. రెండు నెలలు నిండని బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది నిండేదాకా 50, ఏడాది నుంచి అయిదేళ్లదాకా 40. నిమిషానికి అంత, లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. చదువు పెద్దగా లేని కార్యకర్త కూడా వాచీ, ఓపిక ఉంటే ఇది చేయగలదు. రాసిపెట్టొచ్చు, రేపటి అంకెతో పోల్చొచ్చు.

బలహీనత కూడా అక్కడే ఉంది. పాలు తాగుతున్నా, ఏడుస్తున్నా, ఇప్పుడే ఏడుపు ఆపినా అంకె పెరుగుతుంది. జ్వరం కూడా కొంత పెంచుతుంది. అయితే "జ్వరం వల్లేలే" అని హద్దు దాటిన అంకెను కొట్టేయకూడదు. పిల్లి కూతల్లాంటి శబ్దంతో ఆయాసపడే బిడ్డకు న్యుమోనియా లేకపోయినా వేగం ఉండొచ్చు. అందుకే ఈ గుర్తు అవసరం లేని కొందరికి కూడా మందు ఇప్పిస్తుంది. మందు అందాల్సిన బిడ్డను వదిలేయడం కంటే అది నయమన్న ఎంపికతోనే ఆ హద్దుల్ని అలా పెట్టారు. నేను ఆ ఎంపికతో పూర్తిగా ఏకీభవిస్తాను.

లెక్క ఎక్కువగా తప్పేది రోగం వల్ల కాదు, లెక్కపెట్టే తీరు వల్ల. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం అన్నిటికంటే మామూలు తప్పు. ఎనిమిది నెలల బిడ్డ అరనిమిషంలో 25 ఊపిరులు తీస్తే రెట్టింపు 50, న్యుమోనియా. ఒక్క ఊపిరి కంటికి జారితే 24, రెట్టింపు 48, ఉత్త జలుబు. ఒక్క ఊపిరి తేడాతో మందు పోయింది. పైగా పసివాళ్లు ఒకే తీరున ఊపిరి తీయరు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా తీస్తారు. పూర్తి నిమిషమైతేనే ఆ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. ఎవరు రెట్టింపు చేస్తున్నారో పర్యవేక్షకులు రిజిస్టరు చూసి పట్టుకోవచ్చు: ఒకరు రాసినవన్నీ సరిసంఖ్యలే అయితే ఆ కార్యకర్త అరనిమిషమే లెక్కపెడుతున్నట్టు. 40, 50 లాంటి గుండ్రటి అంకెలే మళ్లీ మళ్లీ కనబడితే అసలు లెక్కపెట్టకుండా అంచనా రాస్తున్నట్టు.

కన్ను వాచీ మీదా ఛాతీ మీదా ఒకేసారి నిలవదు. యూనిసెఫ్ పంచిన చిన్న టైమర్ అందుకే వచ్చింది. అది అరనిమిషానికి ఒకసారి, నిమిషానికి ఒకసారి మోగుతుంది. మొదటి మోతకే ఆపేసి ఆ అంకెనే రాసేసేవాళ్లూ ఉంటారు. ఆ పొరపాటులో బిడ్డ వేగం సగానికి సగం పడిపోతుంది. టైమర్ చేతికిచ్చినప్పుడు మొదట నేర్పాల్సింది ఇదే.

ఇక రెండో గుర్తు. బిడ్డ డొక్కలెగరేస్తోందని తల్లి చెబితే ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, అలాగని చూడకుండా ఒప్పేసుకోనూ కూడదు. పసివాళ్లందరూ పొట్టతోనే ఊపిరి తీస్తారు, పొట్ట ఎగిసిపడటం దానంతటది గుర్తు కాదు. ఊపిరి లోపలికి తీసేటప్పుడు మామూలుగా ఛాతీ, పొట్ట రెండూ కలిసి పైకి లేస్తాయి. పొట్ట పైకి లేస్తుండగా కింది పక్కటెముకలున్న చోటు లోపలికి పోతే అది గుంజుకుపోవడం. పక్కటెముకల మధ్య సందులు మాత్రమే లోపలికి పోతున్నా, మెడ ఎముక పైన గుంట పడుతున్నా అది ఈ గుర్తు కిందికి రాదు. ప్రతి ఊపిరికీ స్పష్టంగా కనబడాలి, బిడ్డ ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు కూడా కనబడాలి. రెండు నెలల లోపు బిడ్డలకు ఛాతీ మరీ మెత్తన కాబట్టి కొద్దిపాటి గుంజుడు సహజమే. వాళ్లలో లోతుగా, కొట్టొచ్చినట్టు కనబడితేనే లెక్క.

ఈ గుర్తు ఉందంటే ఊపిరితిత్తి నిజంగా కష్టంలో ఉందని చాలావరకు చెప్పొచ్చు. ఉత్త జ్వరం దీన్ని తెప్పించదు. కానీ ఇది అంకె కాదు, చూపు. ఒకే బిడ్డను ఇద్దరు కార్యకర్తలు చూసి చెరోమాటా చెప్పడం జరుగుతూనే ఉంటుంది. చొక్కా ఎత్తకపోవడం, బిడ్డ నడుము దగ్గర ముడుచుకుని కూర్చుని ఉండటం, చీకటి గది, ఈ మూడే సగం గొడవకు కారణం.

ఒక బిడ్డను తీసుకుని చూద్దాం. పదమూడు నెలల పాప, మూడు రోజులుగా దగ్గు, కొద్దిగా జ్వరం. పాలు తాగుతోంది, వాంతులు లేవు. కార్యకర్త వచ్చేసరికి ఏడుస్తోంది. ఏడుపు ఆగీ ఆగగానే లెక్కపెడితే 46 వచ్చింది. ఆ అంకెను పక్కన పెట్టి తల్లి ఒడిలో పాప కుదుటపడేదాకా ఆగింది. చొక్కా ఎత్తి, పొట్ట మీద ఒకచోట చూపు నిలిపి పూర్తి నిమిషం లెక్కపెడితే 38. హద్దు 40. లెక్క ఒక్కటే నమ్మితే ఇంట్లోనే ఉంచి చూసుకోమని చెప్పి వెళ్లిపోవాలి.

అయితే పాప ఒడిలో ముడుచుకుని ఉంది, పక్కటెముకల కింది భాగం మడతలో దాగిపోయింది. తల్లి ఒడిలోనే వెల్లకిలా పడుకోబెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పి చూస్తే ప్రతి ఊపిరికీ కింది పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. అప్పుడు ఆ 38 అర్థం మారిపోతుంది. గట్టిగా లాగి లాగి అలసిపోతున్న బిడ్డకు వేగం తగ్గడం బాగుపడటం కాదు. కార్యకర్త అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందును వయసుకు తగినట్టు మొదటి మోతాదు ఇచ్చి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ న్యుమోనియా వర్గీకరణ మార్చాక, వేరే ప్రమాద సూచనలు లేకుండా ఛాతీ మాత్రమే గుంజుకుపోయే బిడ్డకు ఆరోగ్య కేంద్రంలో పరీక్షించి నోటి మందుతో ఇంటి దగ్గరే వైద్యం చేయొచ్చు. ఆ నిర్ణయం అక్కడి సిబ్బందిది. ఇంటి దగ్గర చూసే కార్యకర్త పంపాల్సిందే.

ఇప్పుడు ఎనిమిది నెలల బాబు. నిమ్మళంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషానికి 54. వెల్లకిలా పడుకోబెట్టి చూసినా ఛాతీ గుంజుకుపోవడం లేదు, పాలు బాగా తాగుతున్నాడు. గుంజుకుపోవడం ఒక్కటే వెతికే కార్యకర్త ఈ బాబును జలుబు కింద రాస్తుంది. ఇతనికున్నది న్యుమోనియా, అదీ తొలిదశలో, రోజుకు రెండుసార్లు నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్‌తో ఇంట్లోనే నయమయ్యే దశలో. మూడో రోజు మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ ఛాతీ చూడాలి. ఈలోగా గుంజుకుపోవడం మొదలైనా, పాలు మానేసినా మూడో రోజు దాకా ఆగకూడదు.

నన్నడిగితే ఒక్కటే నేర్పే వీలుంటే లెక్కనే నేర్పుతాను. న్యుమోనియాతో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ బాబులాంటివాళ్లే, వాళ్లను దొరకబుచ్చుకునేది లెక్కే. కానీ రెండూ చేతిలో ఉండి మాట కలవకపోతే గుంజుకుపోవడానిదే పైచేయి. మామూలు అంకె గుంజుకుపోవడాన్ని కొట్టేయలేదు. గుంజుకుపోవడం లేదన్న మాట ఎక్కువ అంకెను కూడా కొట్టేయలేదు. చొక్కా ఎలాగూ ఒకసారి ఎత్తుతారు కాబట్టి, నిమిషం లెక్క అయ్యాక చూపు తిప్పకుండా అక్కడే ఇంకో నాలుగు ఊపిరులు చూస్తే రెండో గుర్తూ తేలిపోతుంది. ముందు లెక్కే జరగాలి, పడుకోబెట్టడం, తిప్పడం తర్వాత. బిడ్డ ఏడుపు మొదలుపెడితే లెక్క పోతుంది.

రెండూ మోసం చేసే బిడ్డ ఒకరుంటారు. బాగా చిక్కిపోయి, తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న బిడ్డకు న్యుమోనియా ఉన్నా గబగబా ఊపిరి తీసే శక్తి, ఛాతీని గుంజే శక్తి ఉండకపోవచ్చు. 30 వచ్చిందనీ ఛాతీ మామూలుగా ఉందనీ ఆ బిడ్డను ఇంట్లో ఉంచకూడదు. దగ్గుతో పాటు తాగలేకపోవడం, తాగిందంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, నిమ్మళంగా ఉన్నప్పుడు కూడా ఊపిరి తీసేటప్పుడు గరగరమనే శబ్దం రావడం, వీటిలో ఒక్కటున్నా ఏ బిడ్డకైనా లెక్క కోసం ఆగకుండా పంపాలి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ అందుబాటులో ఉండి, అది 90 శాతం కంటే తక్కువ చూపిస్తే, ఊపిరి లెక్క ఎంతున్నా ఛాతీ ఎలా ఉన్నా ఆ బిడ్డకు ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రి కావాలి.