జూమ్‌లో గాత్ర పాఠం: తరగతికి ఆరుగురు మించితే కష్టం

హనుమకొండలోని మా ఇంటి నుంచి కొన్నేళ్లుగా జూమ్‌లో కర్ణాటక గాత్రం నేర్పుతున్నాను. పరకాల, జగిత్యాల, కరీంనగర్ పిల్లలు మా దగ్గర నేర్చుకుంటున్నారు. ఇంతకాలం వాడిన మీదట చెబుతున్నాను: గాత్రానికి ఈ పద్ధతి పనికివస్తుంది, అయితే తరగతిలో ఎంతమంది ఉండాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఫీజు నిర్ణయించాలి.

ఇంటర్నెట్‌లో ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కనుక అందరూ కలిసి సరళీ స్వరాలు పాడితే తాళం నిలవదు. అందుకే నేను ఒక వరుస పాడగానే పిల్లలందరూ మైకులు ఆపుకొని ఎవరింట్లో వారు అందుకుంటారు, ఆ తర్వాత ఒక్కొక్కరి చేత విడిగా పాడిస్తాను. 45 నిమిషాల తరగతిలో పాఠానికి 15 నిమిషాలు పోతే, ఆరుగురికి తలా 5 నిమిషాలు దక్కుతాయి. పన్నెండు మందిని తీసుకుంటే రెండున్నర నిమిషాలే మిగులుతాయి. అంత తక్కువ సమయంలో మాయామాళవగౌళలో ఒక వరుసను మూడు కాలాల్లో పాడించి, జారిన రిషభాన్ని దిద్దడం సాధ్యం కాదు.

నెలకు ఎనిమిది తరగతులకు ఒక్కొక్కరికి 1,200 రూపాయల చొప్పున ఆరుగురికి 7,200 వస్తుంది. 700 రూపాయలకు తగ్గించి పన్నెండు మందిని చేర్చుకుంటే 8,400 అవుతుంది; పెరిగేది 1,200 మాత్రమే, పిల్లవాడికి దక్కే సమయం మాత్రం సగమవుతుంది. ఫీజు నెల మొదట్లోనే తీసుకోవడం మేలు, ఎందుకంటే తరగతికింత అని తీసుకుంటే పండుగలప్పుడు, పరీక్షలప్పుడు బ్యాచ్ చెదిరిపోతుంది. ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది కాబట్టి చందా ఖర్చును కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

ఒక సెట్టింగ్ తప్పక మార్చుకోవాలి. ఎడతెగకుండా మోగే తంబుర నాదాన్ని రణగొణగా లెక్కించి అణచివేసే ఏర్పాటు జూమ్‌లో మామూలుగా ఉంటుంది. ఆడియో సెట్టింగ్‌లలో Original sound for musicians ఎంచుకుంటే ఆ నాదం నిలుస్తుంది. అయినా పిల్లలు మన తంబుర మీద ఆధారపడకుండా, తమ ఇంట్లో వేరే ఫోన్‌లో తమ శ్రుతి పెట్టుకుని పాడితేనే స్వరం కుదురుతుంది.

రికార్డింగ్ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. నేను పాడే 15 నిమిషాలే రికార్డు చేసి, పిల్లల వంతు రాగానే ఆపేస్తాను. తడబడుతూ పాడిన గొంతు ఇంకొకరి ఇంట్లో వినబడుతుందని తెలిస్తే పిల్లలు నోరు విప్పరు. చేర్చుకునేటప్పుడే తల్లిదండ్రుల నుంచి వాట్సాప్‌లో రాతపూర్వక అనుమతి తీసుకుంటాను: ఏది రికార్డవుతుంది, ఎవరికి పంపుతాను, ఎప్పుడు చెరిపేస్తాను, యూట్యూబ్‌లో పెట్టకూడదు అన్నవి అందులో ఉంటాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతినే కోరుతుంది. నేను అనుమతి ఇవ్వనిదే జూమ్‌లో విద్యార్థి రికార్డు చేయలేడు కానీ, పక్కన ఇంకో ఫోన్ పెట్టి చిత్రీకరిస్తే ఏ సెట్టింగూ ఆపలేదు. అందుకే ఆ మాటను కూడా అనుమతి పత్రంలో విడిగా రాయిస్తాను.