ట్యాంకు మోటారు బోర్డుల్లో 74HC00, 74HC132: ఏళ్ల తరబడి వాడాక

మేడ మీద ట్యాంకు ఖాళీ అయితే మోటారు ఆన్ చేసి, నిండితే ఆపేసే బోర్డులు విజయనగరంలోనూ, నెల్లిమర్ల, గజపతినగరం వైపూ చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని బిగించడం, బాగుచేయడం నా పని. అందులో నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లిన చిప్ 74HC00. 14 పిన్నులు, లోపల రెండేసి ఇన్‌పుట్‌లున్న నాండ్ గేట్లు నాలుగు. చవక, మన్నిక కూడా బాగుంటుంది. నా దగ్గరికి వచ్చిన బోర్డుల్లో చిప్ నిజంగా కాలిపోయినవి తక్కువ, ఏదో ఒక ఇన్‌పుట్ పిన్నును ఖాళీగా వదిలేసినవే ఎక్కువ.

నెల్లిమర్ల వైపు ఒక పెద్దాయన తెచ్చిన బోర్డు సంగతి చెబుతాను. "బాబూ, ట్యాంకు ఖాళీ అయిపోనా మోటారు ఎక్కదు. డబ్బా మూత తీసి చెయ్యి దగ్గర పెడితే ఎక్కుతంది" అన్నారు. అంతకుముందు చూసినవాళ్లు రిలే మార్చారు, ట్రాన్సిస్టర్ మార్చారు. చెయ్యి దగ్గరికి వెళ్తే తీరు మారిందంటే నేను రిలే జోలికి వెళ్లను, చిప్ పిన్నులే చూస్తాను.

ఆ బోర్డులో రెండు గేట్లు కలిపి, ఒకసారి మారితే ఆ స్థితిలోనే నిలిచే లాచ్ చేశారు. మూడో గేటును ఇన్వర్టర్‌గా వాడారు: నీళ్లు తగిలాయో లేదో చెప్పే ట్యాంకు అడుగు రాడ్ నుంచి వచ్చే వైరు 9వ పిన్నుకి, అవుట్‌పుట్ 8వ పిన్ను నుంచి. 10వ పిన్ను దేనికీ కలపలేదు. నాలుగో గేటు అసలు వాడలేదు, దాని 12, 13 పిన్నులు కూడా ఖాళీయే.

పిన్ను 5 వోల్టుల వైపు ఉంటే హై, గ్రౌండ్ వైపు ఉంటే లో అంటాం. నాండ్ గేటులో ఒక ఇన్‌పుట్ లో అయితే రెండోది ఎలా ఉన్నా అవుట్‌పుట్ హైలోనే ఉంటుంది. అంటే 10వ పిన్ను లోగా కనిపించినంతసేపూ అడుగు రాడ్ ఎంత మొత్తుకున్నా మోటారుకి వినబడదు. మరి ఖాళీ పిన్ను హైయా, లోనా? అసలు ఇబ్బంది అదే. 74HC లోపల ఇన్‌పుట్ వెళ్లేది మాస్‌ఫెట్ గేటుకి. సన్నని ఆక్సైడ్ పొర అడ్డంగా ఉంటుంది కాబట్టి కరెంటు దాదాపు పారదు, ఉండేది కొద్ది పికోఫారడ్ల కెపాసిటెన్స్. అంత చిన్నదానిలో చార్జ్ ఎటు పోతే వోల్టేజ్ అటే: పక్క ట్రాక్, ఇంట్లో 50 హెర్ట్జ్ వైరింగ్, బోర్డు మీద తేమ, మన చెయ్యి. కాలేజీ ల్యాబ్‌లో పాత 74LS చిప్‌లతో నేర్చుకున్నవాళ్లకి ఇది తట్టదు. ఎందుకంటే LSలో ఖాళీ ఇన్‌పుట్ చాలావరకు హైలాగే నడుస్తుంది. ఆ అలవాటుతో HC వాడితే టేబుల్ మీద బాగానే ఆడి, గోడకి బిగించాక తిక్క చేస్తుంది.

దీన్ని మల్టీమీటర్‌తో పట్టుకోవడంలో ఒక చిక్కుంది. మామూలు డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓంలు. ఖాళీ పిన్నుకి అదే పెద్ద లోడు. నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్రది 10వ పిన్నుకి పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. "లోగా ఉంది" అనుకుని వదిలేస్తారు. నిజానికి దాన్ని కిందకి లాగింది మీటరే. ఇప్పుడు నల్ల ప్రోబ్‌ను 5 వోల్టుల లైనుకి మార్చి అదే పిన్ను చూడండి, మళ్లీ దాదాపు సున్నాయే. గ్రౌండ్ నుంచీ సున్నా, సప్లై నుంచీ సున్నా వచ్చిన పిన్ను గాల్లో ఉన్నట్టే. ఆ పెద్దాయన బోర్డులో రెండోసారి ప్రోబ్ పెట్టగానే రిలే టక్కున ఎక్కింది కూడా.

10వ పిన్నును 5 వోల్టులకి కలిపాను. నాండ్‌లో మిగిలిన ఇన్‌పుట్ హైకే వెళ్లాలి, నార్ గేటు అయితే గ్రౌండ్‌కి. వాడని నాలుగో గేటుకి హై అయినా లో అయినా ఒకటే. 12, 13 రెండూ గ్రౌండ్‌కి వేశాను. దాని అవుట్‌పుట్ 11ను మాత్రం ఖాళీగానే ఉంచాలి, దాన్ని గ్రౌండ్ చేస్తే గేటు హై ఇచ్చినప్పుడు షార్టే. వాడని గేటే కదా అని ఇన్‌పుట్‌లు వదిలేయకూడదు. వోల్టేజ్ మధ్యలో నిలిస్తే లోపల పై ట్రాన్సిస్టర్, కింది ట్రాన్సిస్టర్ రెండూ సగం తెరుచుకుని సప్లై నుంచి గ్రౌండ్‌కి కరెంటు నేరుగా పారుతుంది. డేటాషీట్‌లో ఈ చిప్ ఊరికే ఉన్నప్పటి కరెంటు 25 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 2 మైక్రోఆంపియర్లు. కానీ ఆ పక్కనే ఇన్‌పుట్‌లు సప్లైకో గ్రౌండ్‌కో కలిపి ఉండాలన్న షరతు ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

డేటాషీట్ తీశాం కాబట్టి VIH, VIL వరుసలు కూడా చూద్దాం. ఇన్‌పుట్‌ను చిప్ హైగా తీసుకునే వోల్టేజ్ VIH, లోగా తీసుకునేది VIL. VIHకి మినిమమ్ గడి చూడాలి, VILకి మాక్సిమమ్ గడి. 4.5 వోల్టుల సప్లై దగ్గర అవి 3.15, 1.35. మన సప్లై 5 వోల్టులు, ఆ వరుస పట్టికలో ఉండదు. ఆ అంకెలు సప్లైలో 70, 30 శాతం కాబట్టి 5 దగ్గర 3.5, 1.5 అనుకోవచ్చు. ఈ రెంటి మధ్య వోల్టేజ్ వస్తే చిప్ ఏం చేస్తుందో కంపెనీ హామీ ఇవ్వదు. టిపికల్ గడిలో అంకె అందంగా ఉంటుంది గాని, దాన్ని నమ్మి డిజైన్ చేయకూడదు.

ట్యాంకు రాడ్‌కి ఈ లెక్క తప్పదు. నీళ్లు తగలనప్పుడు ఆ వైరు కూడా గాల్లో ఉన్న ఇన్‌పుట్టే, అందుకే దాన్ని 5 వోల్టుల వైపు లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్ కావాలి. అందరూ అలవాటుగా 10 కిలోఓంలు వేస్తారు. రాడ్ల మధ్య నీళ్లు 50 కిలోఓంలు ఉన్నాయనుకోండి, నీళ్లు తగిలినా పిన్ను దగ్గర 4.17 వోల్టులు ఉంటాయి, చిప్‌కి అది హైయే. ట్యాంకు పొంగి పోతూనే ఉంటుంది. 470 కిలోఓంలు వేస్తే 0.48 వోల్టులకి దిగుతుంది. మరీ పెద్దది పెడితే ఇన్‌పుట్ లీకేజ్ చూసుకోవాలి. వేడిలో గరిష్ఠంగా 1 మైక్రోఆంపియర్ కాబట్టి 470 మీద పడేది 0.47 వోల్టు, ఇంకా 4.53 మిగులుతుంది. సరిపోతుంది.

అయితే రాడ్ వైరు మేడ మీద నుంచి దిగుతుంది, మోటారు కేబుల్ పక్కనే. నాయిస్‌కి ఇన్‌పుట్ దగ్గర 100 నానోఫారడ్ల కెపాసిటర్ వేస్తే వోల్టేజ్ నెమ్మదిగా ఎక్కుతుంది, పదుల మిల్లీసెకన్లలో. 74HC00 కోరేది 4.5 వోల్టుల దగ్గర 500 నానోసెకన్లలోపే. మధ్య గీత దాటేటప్పుడు అది వణుకుతుంది, రిలే టకటకలాడుతుంది. అందుకే కొన్నాళ్లుగా రాడ్ బోర్డుల్లో 74HC132 వాడుతున్నాను. పిన్నులు అవే, సాకెట్‌లో మార్చేస్తే చాలు. ప్రతి ఇన్‌పుట్‌కీ ష్మిట్ ట్రిగర్ ఉంది కాబట్టి ఎక్కే గీత వేరు, దిగే గీత వేరు. రిలే టకటక పోయింది. కొంచెం ఖరీదు, కొట్లో అన్నిసార్లూ దొరకదు. పైగా ఖాళీ పిన్ను జబ్బుని ఇది నయం చేయదు, 12, 13 దీనిలోనూ గ్రౌండ్‌కే పోవాలి.

74HC132కి ఎంత వోల్టేజ్ లో అవుతుందన్న లెక్కలో ఆ 1.5 వోల్టులు పనికిరావు. దిగే గీత కనిష్ఠంగా 4.5 వోల్టుల దగ్గర 0.9. దాని ప్రకారం 470 కిలోఓంల పుల్‌అప్‌తో రాడ్ల మధ్య రెసిస్టెన్స్ 100 కిలోఓంలు దాటకపోతేనే ఖాయంగా లో వస్తుంది. రాడ్లకి తెల్లగా ఉప్పు పేరుకున్నప్పుడు ఈ అంకె దాటుతుంది. పై రాడ్‌కి పేరుకుంటే నిండినా మోటారు ఆగదు. అప్పుడు బోర్డు విప్పకండి, రాడ్ తీసి గరుకు కాగితంతో రుద్దండి.